గోడ మీద బిడ్డ నిద్ర

"నీ పాలు మంచివయ్యుంటే ఆ బిడ్డ అంత ఏడ్సేదే గాదు," అంది మా అత్త, మంచాన పడి కూడా.

"గోడ మీద గీతలు సూసినావు గదత్తా, ఇంకా నా పాలేనా?" అన్నాను. మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. చచ్చేదాకా ఒప్పుకోలేదు.

ఆ గీతలు గీసిన నాటికి పెనుకొండలో ఉన్నాం. నా కూతురు మూడు నెలల పిల్ల. పొద్దు గుంకితే గుక్కపట్టి ఏడ్చేది. నా పాలు మాన్పించి మేకపాలు పట్టాలని అత్త పట్టుబట్టింది. ఆసుపత్రి నర్సమ్మ వద్దంది.

"వారం రోజులు గుర్తులు పెట్టమ్మా. ఎప్పుడు నిద్రపోయింది, ఎప్పుడు లేచింది, ఎప్పుడు పాలు తాగింది, ఎప్పుడు ఏడ్చింది. ఒక్క రోజు చూసి ఏదీ తేల్చొద్దు," అని చెప్పింది.

నాకు అక్షరాలు సరిగా రావు. బొగ్గుతో గోడ మీద రోజుకొక వరస వేశాను. నిద్రకు గీత, పాలకు సున్న, ఏడుపుకు ఇంటూ.

వారమయ్యాక చూస్తే సున్నలు అన్ని రోజులూ ఒకేలా ఉన్నాయి. మధ్యాహ్నం గీత లేని ప్రతిరోజూ సాయంత్రం ఇంటూలే. గీత ఉన్న రెండు రోజులూ ఏడుపు లేదు. ఆ రెండు రోజులూ అత్త ధర్మవరంలో ఉంది! ఇంట్లో ఉంటే, "పగలు పండుకుంటే రాత్రి పండుకోదు" అంటూ తడిచేత్తో మొహం తుడిచి మరీ లేపేది.

సంగతి విని నర్సమ్మ ఆ లేపడం మాన్పించింది, నా పాలే ఉంచింది. సాయంత్రాలు ఏడుపు తగ్గింది. అయినా నింద మాత్రం నా పాలకే! అత్త గోడకు సున్నం కొట్టించి, ఊరంతా అదే చెప్పుకుంది.

మనవరాలా, ఆ బిడ్డే మీ అమ్మ. అంతా రాసినావా? ఏదీ, ఒకసారి చదివి వినిపించు.