ఇనుప పన్నెకు క్వారంటీన్

కరోనా కాలంలో మా కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసంతా సూరత్‌లోని మా పడకగదిలోకి వచ్చి కూర్చుంది. మంచం మీద కంప్యూటర్, కిటికీలో శానిటైజర్ సీసా. దిగుమతిదారుల తరఫున బిల్ ఆఫ్ ఎంట్రీ వేయడం నా పని. విదేశం నుంచి వచ్చిన సరుకు ఏమిటో, ధరెంతో, సుంకమెంతో మనమే లెక్కగట్టి సర్కారుకు చెప్పుకునే పత్రమది.

ఆ రోజుల్లో నా ప్రాణం తోడేసిన మనిషి ఒకాయన ఉన్నాడు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, ఏళ్లకేళ్లు ఇంకొకరి మగ్గాల మీద పనిచేసి, సూరత్ పక్కనే కడోదరాలో సొంత మగ్గాల షెడ్డు పెట్టుకున్నాడు. మొట్టమొదటిసారి చైనా నుంచి పన్నెలు తెప్పించుకున్నాడు. పన్నె అంటే మగ్గంలో పడుగు పోగులు వరసగా దూరే ఇనుప దువ్వెన. అది లేకుంటే మగ్గం బొమ్మే. లాక్‌డౌన్‌లో ఊళ్లకు వెళ్లిపోయిన పనివాళ్లను బతిమాలి వెనక్కి రప్పించుకున్నాడు. వాళ్లేమో సూరత్‌లోనే డిండోలిలో ఒక అద్దె గదిలో దిగి, పని మొదలైతే ఉంటాం, లేదంటే శనివారం రైలెక్కుతాం అన్నారట.

"చెల్లే, ఆళ్లు సంచులు గూడ ఇప్పుతలేరు. జర జల్దీ చెయ్యరాదు" అని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫోను.

ఇన్‌వాయిసూ ప్యాకింగ్ లిస్టూ ఓడ రసీదూ అప్‌లోడ్ చేసి, మగ్గాల విడిభాగాల కోడ్ కిందే బిల్లు వేశాను. సరుకు హజీరా రేవులో దిగింది. ఇక సుంకం కట్టడమే అనుకుంటుండగా తెర మీద ప్రశ్న వచ్చి పడింది. చైనావాడు ఇన్‌వాయిసులో 'రీడ్, నేచురల్' అని రాసి చచ్చాడు. రీడ్ అంటే పన్నె, నేచురల్ అంటే మెరుగు పెట్టనిది అని వాడి ఉద్దేశం. ఇంగ్లీషులో రెల్లునూ రీడ్ అనే అంటారు కాబట్టి, సుంకం లెక్కకట్టే అధికారికి అది రెల్లుగడ్డిలా కనిపించింది. మొక్కలతో చేసిన సరుకా? అయితే మొక్కల క్వారంటీన్ వారి అనుమతి జతచేయండి అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పూర్వమైతే కేటలాగు పట్టుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టేసేదాన్ని. ఇప్పుడంతా కంప్యూటర్‌లోనే, లెక్కకట్టే అధికారి ఏ ఊళ్లో ఉంటాడో కూడా మనకు తెలియదు. ఆయన ముఖం మనం చూడం, మన సరుకు ఆయన చూడడు. ఏం అవస్థరా బాబూ!

సంగతి షెడ్డాయనకు ఫోన్లో చెప్పాను.

"మనుషులకైతే సరే. ఇనుముకు గూడ క్వారంటీన్ ఏంది చెల్లే?"

నవ్వొచ్చింది గానీ, శనివారం దగ్గర పడుతోంది. కేటలాగూ ఫొటోలూ పెట్టి, నమ్మకం కుదరకపోతే లెక్కకట్టే ముందే సరుకు తెరిచి చూడండి అని జవాబు రాశాను. ఆయన సరేనని రేవులోని అధికారికి పరీక్ష ఆదేశం పంపాడు. మా ఆఫీసులో రేవుకు తిరిగే మనిషికి జ్వరం. దాంతో నేనే వెళ్లాను, షెడ్డాయన వెంట వచ్చాడు.

గోదాములో పెట్టె మేకులు ఊడదీశారు. రేవు అధికారి మాస్కు సర్దుకుని, ఒక పన్నెను బయటికి తీసి వేలితో మీటాడు. జుయ్‌మంది. "యే తో స్టీల్ హై" అన్నాడు.

"చూశావా అన్నా, దీన్ని గడ్డి అన్నాడు ఆ మహానుభావుడు!" అన్నాను అక్కసుగా.

"ఆ సారును తిట్టకు చెల్లే. మా తాత చేమగ్గం మీద పన్నెకు రెల్లు పుల్లలే ఉండె. ఒక్కటి ఇరిగితే రోజంత గొణుగుతుండె ముసలోడు" అన్నాడాయన, పన్నె మీద అరచెయ్యి ఆనించి.

అధికారి పొరబడ్డాడని కాదు, రెండు తరాలు ఆలస్యంగా అడిగాడంతే అనిపించింది నాకు.

పరీక్ష నివేదిక కంప్యూటర్‌లోకి ఎక్కింది. మర్నాడు ఆ కనిపించని అధికారి మా కోడ్ ఒప్పుకున్నాడు. బేసిక్ డ్యూటీ, దాని మీద సర్‌ఛార్జి, ఆపైన ఐజీఎస్టీ కలిపి చలానా వచ్చింది. కట్టడం ఆలస్యమైతే వడ్డీ పడుతుంది. బ్యాంకు సైటు రెండుసార్లు మొరాయించింది. మూడోసారికి సుంకం చేరింది, దాని వెనకాలే కస్టమ్స్ వారి విడుదల ఆర్డరు. ఓడ కంపెనీ డెలివరీ ఆర్డరు తీసుకుని, గోదాము అద్దె కట్టి, గేట్‌పాస్ చేయించేసరికి శుక్రవారం పొద్దువాలింది. టెంపో కడోదరా దారి పట్టింది.

శనివారం నేనే ఆగలేక ఫోన్ చేశాను. "పన్నెలు ఎక్కాయా అన్నా?"

"ఎక్కుతున్నయి. ఇంకా మగ్గం తిప్పలే" అన్నాడు.

"మరి వాళ్లు? రైలెక్కేశారా?"

"ఏడికి పోతరు చెల్లే" అన్నాడాయన. "పొద్దుగాల పోయి చూస్తే, గదిల దండెం మీద అందరి బట్టలు ఉతికి ఆరేసి ఉన్నయి."