గోడ పక్క దారి

లాల్‌దర్వాజాలో మా ముందు గది రైలు పెట్టెలా పొడుగ్గా, ఇరుకుగా ఉంటుంది. ఒక కొసన వీధి తలుపు, ఇంకో కొసన వంటిల్లు. బోనాలకు చుట్టాలొస్తే చాపలు పరవాలని నడుమంతా ఖాళీగా ఉంచి, సోఫా ఒక గోడకు, కుర్చీలు ఎదుటి గోడకు వేసుకున్నాం. ఒక్కరోజు చుట్టాల కోసం ఏడాదంతా మోకాళ్లు ముడుచుకుని బతికాం. అత్తమ్మ చాయ్ తెచ్చినప్పుడల్లా అందరం కాళ్లు వెనక్కి లాక్కునేవాళ్లం. మాట తెగిపోయేది. ఆమె కప్పులిచ్చి వెళ్లిపోయేది. ఆమెది తక్కువ మాటల స్వభావమని నేను అందరికీ చెప్పేదాన్ని.

సోఫాకు కొత్త గుడ్డ వేయడానికి వచ్చిన భాయ్ ఇదంతా చూశాడు.

"నడిచే దారి మాటల నడుమకెళ్లి పోతుంది అక్కా. దారిని ఒక గోడకు ఇచ్చెయ్యున్రి."

"మరి బోనాలకు?" అన్నాను చిరాగ్గా.

"గా రోజు పక్కకు జరుపుకోన్రి. కుర్చీలే కదా!"

సోఫాను ఎడమ గోడకే ఉంచి, దాని రెండు చివర్లా కుర్చీలను ఎదురెదురుగా తిప్పాడు. కుడి గోడ పొడుగునా వంటింటిదాకా మనిషి పట్టే దారి మిగిలింది.

ఆ సాయంత్రం అత్తమ్మ అందరికీ చాయ్ ఇచ్చి, వంటింటి వైపు కుర్చీలో కూర్చుంది. తను కొత్త కోడలిగా ఈ ఇంటికొచ్చిన రోజు గురించి మొదలుపెట్టింది. చాయ్ చల్లారింది. వేడి చేస్తానని లేవబోయింది.

"కూసో అత్తమ్మా, నువ్వు చెప్పు," అని నేనే లేచాను.

గోడ పక్కనుంచి వెళ్లి వచ్చాను. ఆమె మాట ఎక్కడా ఆగలేదు.