రాయికి ఎక్కిన రంగు

నంద్యాలలో నాది ఫొటో స్టూడియో. ఆళ్లగడ్డ శిల్పి ఒకాయన, తాను చెక్కిన బూడిదరంగు రాతి విగ్రహం పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. సినిమా పోస్టరులా ఉండాలని నీడలకు నీలిపచ్చ, వెలుగులకు నారింజ దట్టంగా ఎక్కించాను. రాయి పచ్చబడింది, తెల్లపంచె నారింజకు తిరిగింది. పొగరుగా అలాగే ఆళ్లగడ్డ తీసుకెళ్లి ఇచ్చేశాను.

ఆయన ఫొటోనూ విగ్రహాన్నీ మార్చి మార్చి చూశాడు.

"రాయి పచ్చగుండాదే. నాకు కండ్లు చెడినట్టుండాయప్పా."

తప్పు నాదని చెప్పకుండానే వచ్చేశాను. స్టూడియోకొచ్చి రెండు రంగుల గాఢత తగ్గించాను. రాయి మీద, పంచె మీద పూర్తిగా తుడిచేసి, ఆయన ఒంటి మీద, వెనకున్న చెట్ల మీద మాత్రం ఉంచాను. వారానికి కొత్త ఫొటో తీసుకెళ్లాను.

ఆయన కొత్త కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"అద్దాలు బాగా పనిచేస్తాండాయప్పా."