రెండంగుళాల ముక్క

పంజాగుట్ట హోటల్ వంటగదిలో చేరిన కొత్తలో స్టేక్, అంటే మందపాటి మాంసం ముక్క, కాల్చే లెక్క నాకు కంఠతా వచ్చు. అంగుళం మందమైతే పొగలొచ్చే పెనం మీద ఒక్కో వైపు మూడు నిమిషాలు; లోపల వేడి యాభై రెండు డిగ్రీలు చేరగానే దించితే మీడియం రేర్, అంటే పైన కాలి లోపల గులాబీగా ఉండేది.

ఒకరోజు ఐటీ కంపెనీ అతిథికి రెండంగుళాల ముక్క కావాలన్నారు. అమీర్‌పేట కోచింగ్ బుర్ర కదా, లెక్క రెట్టింపు చేసి ఆరేసి నిమిషాలు కాల్చాను. పైన బొగ్గు, లోపల థర్మామీటర్ ముప్పై అయిదు!

"గిది ఎక్కాల పుస్తకమా భాయ్? మందం పెరిగితే మంట తగ్గియ్యాలె!" చెఫ్ పగలబడి నవ్వాడు.

ఇంకో ముక్కకు రెండు వైపులా రంగు తెప్పించి, మంట తగ్గించి, నిమిషానికోసారి తిప్పాను. యాభై రెండు! పది నిమిషాలు ఆగి కోస్తే లోపలంతా గులాబీ రంగు. గంతులేశాను.

అంతలో అరంగుళం ముక్కకు ఆర్డరొచ్చింది. లెక్క నోటికి రాకముందే నా చెయ్యి మంట పెంచేసింది.