అతికించిన వోచరు

తాడేపల్లిగూడెంలో ఇల్లు ఖాళీ చేసేనాటికి మా ఆవిడకు ఆయాసం మొదలై నాలుగేళ్లు. ఆవిడను చూసే డాక్టరు ఏలూరులో ఉండేవాడు. నెలకు రెండుసార్లు పాసింజరు రైల్లో తీసుకువెళ్లి తీసుకువచ్చేవాణ్ణి. స్టేషన్లో వంతెన మెట్లు ఎక్కేటప్పుడు ఆవిడ ప్రతి ఐదు మెట్లకూ ఆగేది. ఒకరోజు సగంలో ఆగి, రైలు వెళ్లిపోతుంటే చూస్తూ, "ఏవండీ, ఈ మెట్లకంటే ఏలూరులో కాపురం పెట్టడం తేలిక" అంది. నేను డ్రైనేజీ ఆఫీసులో గుమాస్తాగా రిటైరై అప్పటికి మూడేళ్లు. గూడెంలో మమ్మల్ని కట్టి ఉంచే పని ఏదీ లేదు. ఏలూరు టూ టౌన్‌లో, కాలవ దగ్గరగా, రెండు గదుల వాటా ఒకటి అద్దెకు కుదిరింది.

డాక్టరు ఒకే మాట గట్టిగా చెప్పాడు. పొగ తగలకూడదు. అగరొత్తి కూడా వద్దన్నాడు. అందుకని కొత్త ఇంట్లో అన్నిటికంటే ముందు గ్యాస్ ఉండాలని నేను పదిరోజుల ముందే చీటీ రాసుకున్నాను. గ్యాస్, కరెంటు, నీళ్లు. ఒక్కొక్క దానికి ఎవరిని కలవాలో, ఏ కాగితాలు కావాలో పక్కన రాసుకున్నాను. నలభై ఏళ్లు ఫైళ్లు కట్టినవాణ్ణి, ఇందులో ఇబ్బంది ఏముంటుందనే అనుకున్నాను.

గూడెంలో గ్యాస్ కంపెనీ డీలరు దగ్గర పని గంటలో అయిపోయింది. సిలిండరు, రెగ్యులేటరు, గ్యాస్ పుస్తకం అప్పగించాను. వాళ్లు డిపాజిట్ తిరిగి ఇచ్చి, ట్రాన్స్‌ఫర్ వోచరు అని ఒక పల్చటి కాగితం చేతిలో పెట్టారు. ఏలూరు డీలరుకు అది ఇచ్చి, డిపాజిట్ కడితే అక్కడ కొత్త సిలిండరు, రెగ్యులేటరు ఇస్తారు. స్టవ్ మాత్రం మనదే, మనతోనే వస్తుంది.

ఆ సాయంత్రం డైరీ రాశాను. ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. ఏ రోజు కాగితం ఆ రోజు పేజీలో మైదా జిగురుతో అతికించడం ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచీ ఉంది. బస్సు టికెట్లు, మందుల చీటీలు, పెళ్లిపత్రికల అంచులు, అన్నీ. విడికాగితం పోతుంది, పుస్తకం పోదు అన్నది నా నమ్మకం. చీటీలో గ్యాస్ దగ్గర 'అయింది' అని టిక్కు పెట్టి, వోచరును నాలుగు మూలలా కాదు, వెనకంతా జిగురు రాసి, అరచేత్తో నొక్కి అతికించాను. బాగా అతుక్కుందా లేదా అని వేలితో తడిమి కూడా చూశాను.

ఏలూరులో దిగిన రోజు కరెంటు లేదు. మాకు ముందు ఉన్నవాళ్లు బిల్లు కట్టకుండా వెళ్లిపోతే, లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర వైరు తీసేశాడట. ఇంటి యజమానురాలు మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ. వెనక వాటాలో ఒక్కతే ఉండేది.

"నాకు చెప్పకుండా పోయారు అన్నయ్యగారూ. వెళ్తూ వెళ్తూ బల్బులు కూడా విప్పుకుపోయారండి" అంది.

"హోల్డర్లు ఉంచారు కదమ్మా" అన్నాను.

"అవి గోడకున్నాయి కాబట్టి."

మీటరు చనిపోయిన తన భర్త పేరు మీదే ఉందని చెప్పింది. అద్దెకున్నవాళ్లు పేరు మార్చుకునేది ఏమీ లేదు. బకాయి, తిరిగి కనెక్షన్ ఇవ్వడానికి రుసుం కౌంటర్లో కట్టి, ఆ రసీదు సెక్షన్ ఆఫీసులో చూపిస్తే చాలు. ఆమె కట్టి వచ్చింది. రసీదు పట్టుకుని నేను తిరిగాను. మూడో రోజు మధ్యాహ్నం లైన్‌మన్ నిచ్చెన భుజాన వేసుకుని వచ్చి, వైరు కలిపి, ఫ్యాను తిరిగిందాకా నుంచుని వెళ్లాడు.

నీళ్లకైతే ఏ కాగితమూ అక్కర్లేదు. మున్సిపాలిటీ కుళాయి ఆమె పేరు మీదే ఉంది. అయితే నీటి జోరు తక్కువ కావడంవల్ల కుళాయి వీధి గుమ్మం పక్క గుంటలో ఉంది. తెల్లవారాక ఒక గంట వస్తాయి. గుంటలోకి దిగి బిందె నింపి, పైకి ఎత్తి, ఇంట్లో డ్రమ్ములో పోయాలి. మా ఆవిడ వంగలేదు. బిందెలన్నీ నేనే మోశాను. నాలుగో బిందెకు నడుము పట్టేసేది.

గ్యాస్ ఒక్కటే మిగిలింది. వంటకు సిస్టరుగారు, అంటే మా యజమానురాలు, తన కిరోసిన్ స్టవ్ ఇచ్చింది. కరెంటు హీటరు కొంటానంటే ఒప్పుకోలేదు. "ఆయన ఉన్నప్పుడు వేయించిన వైర్లండి, తట్టుకోవు" అంది. ఒకటి రెండు రోజులే కదా అని స్టవ్‌ను వరండాలో పెట్టాం. పొగ వరండాలో ఆగదు. కొల్లేటి వైపు నుంచి గాలి వీచినప్పుడల్లా నేరుగా ఇంట్లోకే వచ్చేది.

అద్దె ఒప్పందం, కరెంటు రసీదు, డైరీ సంచిలో పెట్టుకుని గ్యాస్ ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి మొదటి రెండూ చూసి సరేనంది. నేను డైరీ తెరిచి, పేజీ ఆమె వైపు తిప్పాను.

"బాబాయిగారండి, ఇది పుస్తకమండి."

"వోచరు అందులోనే ఉందమ్మా."

"ఉందండి. కానీ అది మా ఫైల్లోకి వెళ్లాలి కదండీ. డైరీ మొత్తం ఫైల్లో పెట్టుకోమంటారా?"

వెనక వరసలో ఎవరో నవ్వారు. "పెట్టుకోమ్మా, ఖాళీగా ఉన్నప్పుడు చదువుకోవచ్చు" అన్నాడు ఇంకొకాయన.

"చిరగకుండా తీసి తీసుకురండి, ఇచ్చేస్తాను" అంది ఆ అమ్మాయి, నవ్వకుండా.

ఇంటికి వచ్చాక మా ఆవిడ గుమ్మంలోనే అడిగింది, ఎప్పుడు వస్తుందన్నారని. ఇంకో కాగితం ఏదో అడుగుతున్నారన్నాను. ఆఫీసులంటే అంతేలే అంది. నేను కాదనలేదు. నలభై ఏళ్లు ఆఫీసులో పనిచేసినవాణ్ణి, ఆ నింద ఆఫీసు మీదే ఉండనిచ్చాను.

ఆవిడ పడుకున్నాక వరండాలో కిరోసిన్ స్టవ్ వెలిగించి, గిన్నెలో నీళ్లు మరిగించి, పేజీకి ఆవిరి పట్టాను. ఒక మూల లేచింది. ఓపిక పట్టి ఉంటే మొత్తం వచ్చేదేమో. తొందరపడి లాగాను. పల్చటి కాగితం మధ్యకు చిరిగింది. ముద్ర సిరా తడికి పాకి, నంబరు మీద నీలం మరకయింది. ఆ ముక్కలను మళ్లీ పేజీలోనే సర్ది మర్నాడు పట్టుకెళ్లాను.

"నంబరు కనబడట్లేదండి బాబాయిగారు. ఇలాంటిది తీసుకుంటే మా సారు నన్ను అంటారు. గూడెం నుంచే డూప్లికేట్ తెచ్చుకోండి."

గూడెం వెళ్లాను. రైల్లో భీమడోలు దాకా నుంచునే వెళ్లాను. డీలరు దగ్గర మేనేజరు పాత మనిషే, నన్ను గుర్తుపట్టాడు. గుర్తుపట్టినా పని మారలేదు.

"ఒకసారి ఇచ్చిన వోచరుకు రెండోది ఊరికే ఇస్తే ఒక మనిషికి రెండు ఊళ్లలో కనెక్షన్ ఇచ్చినట్టవుతుందండి. స్టాంపు పేపరు మీద రాసి, నోటరీ చేయించి తెండి. పాడైన కాగితం కూడా మాకు ఇచ్చెయ్యాలి."

"ఇదిగో, పేజీలో ఉంది."

"పేజీతో సహా ఇవ్వండి. నేను మాత్రం ఎక్కడ పీకను?"

అతని బల్ల మీది బ్లేడుతో ఆ పేజీ కోశాను. ఎన్ని డైరీలు నిండినా అంతకుముందు ఒక్క పేజీ తీసినవాణ్ణి కాను. దాని వెనక గూడెం ఇంట్లో మా చివరి రోజు గురించి రాసుకున్నది ఉంది. చదవలేదు. ఆలస్యమవుతుందని ఇచ్చేశాను.

నోటరీ దొరికేసరికి మధ్యాహ్నమైంది. తిరిగి వస్తే సంతకం చేయవలసిన డీలరు ఆకివీడు పెళ్లికి వెళ్లాడన్నారు. మర్నాడు ఆదివారం. సోమవారం మళ్లీ వెళ్లి, డూప్లికేట్ తీసుకుని, దానిని మడవకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని వచ్చాను. ఏలూరు ఆఫీసులో ఆ అమ్మాయి దాన్ని తీసుకుని, ముందూ వెనకా చూసి, "జిగురేం లేదు కదండీ" అంది. మంగళవారం పేరు ఎక్కించారు. సిలిండరు గురువారం వచ్చింది. మొత్తం పదకొండు రోజులు.

ఆ పదకొండు రోజుల్లో రెండు రోజులు కర్రీ పాయింట్ నుంచి తెచ్చాను. ఆ కారానికి ఆవిడకు దగ్గు ఇంకా ఎక్కువైంది. ఇక స్టవ్ దగ్గర తనే కూర్చుంది. నన్ను వండమంటే నాకు చేతకాదు. ముక్కుకు కొంగు చుట్టుకుని, అన్నం ఉడికేలోగా రెండుసార్లు లేచి లోపలికి వచ్చి కూర్చునేది. తొమ్మిదో రోజు మాట మధ్యలో ఊపిరి అందలేదు. సిస్టరుగారే రిక్షా పిలిపించి, మాతో పాటు ఆస్పత్రికి వచ్చింది. రెండు రోజులు ఉంచారు. గ్యాస్ మనిషి సిలిండరు భుజాన పెట్టుకుని వచ్చేసరికి ఆవిడను ఇంటికి తెచ్చి గంట కూడా కాలేదు.

అతను రెగ్యులేటరు బిగించి, సబ్బునురగ రాసి లీకు చూసి, వెలిగించి చూపించి వెళ్లిపోయాడు. మా ఆవిడ మంచం మీద కూర్చుని చూస్తోంది. అప్పుడు చెప్పాను.

"ఆలస్యం ఆఫీసువాళ్లది కాదు. నాదే. కాగితం డైరీలో అతికించేశాను."

"తెలుసండి."

"ఎప్పుడు?"

"మీరు వరండాలో గిన్నె పెట్టుకు కూర్చున్న రోజే. ఆవిరి పట్టమని డాక్టరు నాకు చెప్తే, మీరు కాగితానికి పట్టారు."

"అప్పుడే అడగకపోయావా?"

"అడిగితే ఏం చేస్తారు, అది కూడా రాసుకుంటారు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నిజం చెప్పి ఉంటే సిస్టరుగారి వెనక వాటాలో వండుకునేవాళ్లం కదండీ. ఆవిడకు గ్యాస్ ఉంది. మీ పరువు కోసం నేనూ ఆవిడను అడగలేదు."

ఆ వెనక వాటాలో గ్యాస్ ఉందని నాకు తెలుసు. ఒక్కరోజు పని కదా, ఒకరి వంటింట్లోకి వెళ్లడమెందుకు అని ప్రతిరోజూ అనుకున్నాను. అడిగితే ఎందుకింత ఆలస్యమని ఆమె అడిగేది, నేను చెప్పవలసి వచ్చేది.

డాక్టరు ఆస్పత్రి నుంచి పంపుతూ ఇంకొక మాట చెప్పాడు. పొగ లేకపోయినా ఆవిడ ఇక పొయ్యి దగ్గర నిలబడకూడదు, పోపు ఘాటు కూడా పడదు అన్నాడు. అంటే అంత తిరిగి తెచ్చిన గ్యాస్ ఆవిడ చేతికి రాలేదు.

ఆ సాయంత్రం బియ్యం కడిగి, ఎసరు ఎంత పెట్టాలో అడిగాను. మంచం మీద నుంచే వేలి కణుపు చూపించింది. బియ్యం మీద వేలు ఆనించి నీళ్లు పోశాను. గిన్నె స్టవ్ మీద పెట్టి, అగ్గిపుల్ల గీసి, నాబ్ తిప్పడం మరిచిపోయాను. పుల్ల వేళ్ల దాకా కాలింది.

"ముందు తిప్పాలండి" అంది ఆవిడ. "తర్వాత తగ్గించాలి. అన్నం అయ్యేదాకా కదలకండి."

పక్కనే నిలబడ్డాను.