నూట డెబ్బై ఐదు రూపాయల గంట

ఆ కుర్రాడు కాటా గదిలోకి వచ్చి, ముఠా కూలీలు, రైతులు అందరూ వింటుండగా, నేను దొంగ లెక్క రాయించుకుంటున్నానని అన్నాడు. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది.

గుంటూరు అవతల మిర్చి కోల్డ్ స్టోరేజీలో నా ఉద్యోగం. లారీ కాటా చూసి, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెట్టించి, సరుకు ఇంత దాచారని రైతుకు బాండు రాసిస్తాను. ఆ బాండు పట్టుకెళ్ళి వాళ్ళు బ్యాంకులో అప్పు తెచ్చుకుంటారు కాబట్టి ఒక్క అంకె తప్పినా నా పీక మీదికొస్తుంది. ఉద్యోగంలో చేరి పంతొమ్మిదేళ్ళు. కుర్రాడు వచ్చి రెండేళ్ళు. కంప్యూటర్‌లో జీతాల పట్టీ వేస్తాడు, సీజన్‌లో సాయంత్రాలు నాతోపాటు బాండ్లు రాస్తాడు. అతని జీతం ఇరవై ఆరు వేలు, నాది పంతొమ్మిది వేలు. ఈ సంగతి నాకు గుర్తుచేయకుండా అతనికి టీ దిగేది కాదు. "పాత స్టాఫ్ అంటే పాత రేట్లే కదక్కా" అని నవ్వేవాడు. నేను పైకి నవ్వి ఊరుకునేదాన్ని, లోపల మాత్రం ఊరుకోలేదు.

మార్చిలో సీజన్ ముదిరి, రోజూ డ్యూటీ అయ్యాక రెండు గంటలు ఆగాల్సి వచ్చింది. నెలాఖరున కుర్రాడు ఓవర్‌టైమ్ పట్టీ కొడుతూ తొలిసారి నా అంకె పక్కన తన అంకె చూసుకున్నాడు. ఇద్దరివీ అవే గంటలు. నాకు ఎనిమిది వేల నాలుగొందలు, తనకు ఆరు వేలు. లేచి తిన్నగా కాటా గదికొచ్చాడు.

"మీకు గంటకి నూట డెబ్బై ఐదేంటి, నాకు నూట పాతికేంటి? ఎవర్ని పట్టుకుని వేయించుకున్నారండీ ఈ దొంగ లెక్క?" అన్నాడు. అక్కా పోయి అండీ వచ్చింది.

లారీ రసీదు పూర్తిచేసి రైతు చేతికిచ్చాకే తలెత్తాను. "నీ జీతంలో సగం ఇంటద్దె, రాకపోకలు, బండి ఖర్చు. వాటికి ఓవర్‌టైమ్ రాదబ్బాయ్. బేసిక్కూ డీయే కలిపి ఇరవై ఆరుతో భాగించి, మళ్ళీ ఎనిమిదితో భాగించి, వచ్చిందానికి రెట్టింపు ఇస్తారు. నీవి పదమూడు వేలు. నావి పద్దెనిమిది వేల రెండొందలు. భాగించుకో" అన్నాను. ముఠా మేస్త్రి ఫక్కున నవ్వాడు. నాకూ హాయిగా అనిపించింది.

నన్ను యజమాని, పెద్దాయన కాలంలో తీసుకున్నారు. అప్పట్లో జీతమంటే బేసిక్కు, దాని మీద ఆర్నెల్లకోసారి పెరిగే డీయే, అంతే. అలవెన్సు కింద నాకు బస్సు ఖర్చు ఎనిమిదొందలు తప్ప ఇంకేమీ రాదు. పెద్దాయన కొడుకు వచ్చాక, కొత్తగా చేరేవాళ్ళకు విజయవాడ నుంచి ఓ కన్సల్టెంటును పిలిపించి జీతాలు కుట్టించాడు. కొత్త చట్టం ప్రకారం అలవెన్సులు సగం దాటితే దాటినంతా జీతం కిందే లెక్కట. అందుకే సరిగ్గా సగం దగ్గర కత్తెర ఆపారు. కుర్రాడికీ అది నచ్చింది. పీఎఫ్ తక్కువ కోస్తారు, చేతికి ఎక్కువొస్తుందని సంబరపడి సంతకం పెట్టాడు.

"అడిగితే నీ అలవెన్సులో కొంత బేసిక్‌లో కలుపుతారేమో, వెళ్ళి అడుగు" అని కూడా చెప్పాను. అతను అడగలేదు. ఒకే పనికి ఇద్దరికీ రెండు రేట్లా, సరిచేయండి అని యజమాని కొడుక్కి మెయిల్ పెట్టాడు. తన రేటు పెంచుతారనుకున్నాడు పాపం. యజమాని కొడుకు ఆ మెయిల్‌లో తనక్కావలసింది తను చదువుకున్నాడు. మర్నాటి నుంచి సాయంత్రం పని కొత్త స్టాఫ్ మాత్రమే చేయాలని, పాతవాళ్ళు నాలుగున్నరకే వెళ్ళిపోవచ్చని బోర్డు మీద కాగితం అంటించారు.

ఆ సీజన్ ఓవర్‌టైమ్ మీద నా ఇంటి స్లాబు ఆధారపడి ఉంది. గోడలు లేచి రెండేళ్ళయింది. పైన ఇనుప చువ్వలు, వాటి మీద టార్పాలిన్. వానలకు ముందే స్లాబు పోయిస్తానని తాపీ మేస్త్రికి మాటిచ్చాను. ఇనుముకు కొరత పడిన డబ్బు ఈ మూడు నెలల సాయంత్రాల్లోంచే రావాలి.

యజమాని కొడుకు గదికి వెళ్ళి అడిగాను. "రెస్ట్ ఇస్తుంటే కూడా కంప్లయింటా మేడమ్?" అన్నాడు ఫోనులోంచి తలెత్తకుండా. చేసిన ఓవర్‌టైమ్‌కి డబ్బు అడగొచ్చు గానీ, నాకు ఓవర్‌టైమ్ ఇవ్వండని అడిగే హక్కు ఏ చట్టంలోనూ లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక అప్పటినుంచి నాలుగున్నర కాగానే పెన్ను మూసేదాన్ని. గేటు బయట లారీలు పర్చూరు నుంచి, ఇంకా అవతల నుంచి వచ్చి బారులు తీరి ఉండేవి. కాటా, బాండ్లు, కంప్యూటరు అన్నీ కుర్రాడి నెత్తిన పడ్డాయి. మిర్చి ఘాటుకు తుమ్ముతూ, రైతుల చేత తిట్లు తింటూ నూట పాతిక చొప్పున గంటలు అమ్ముకునేవాడు. ఒకరోజు "నాలుగు బాండ్లు రాసిపెట్టి వెళ్ళండక్కా" అని బతిమాలాడు. మళ్ళీ అక్కనయ్యాను. "నాకు రెస్టు ఇచ్చారు నాయనా" అని చెప్పులేసుకున్నాను. ఒకసారి అతను సాయంత్రం ఉండనని మొండికేస్తే, రేపటి నుంచి అసలే రావద్దని మేనేజరు చెప్పాడట. వింటే జాలి వేయలేదు.

ఏప్రిల్ చివర్లో కుర్రాడే ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నా జీతం కొత్త పద్ధతిలోకి మార్చుకోవడానికి ఒప్పుకుంటున్నానని రాసి ఉంది. బేసిక్కూ డీయే కలిపి పదమూడు వేలు. అలవెన్సులు ఏడున్నర వేలు. మొత్తం మీద నెలకు పదిహేనువందలు ఎక్కువ. సంతకం పెడితే సాయంత్రాలు మళ్ళీ నావే, అతని రేటుకి. ఆ అలవెన్సుల్లో ఇంటద్దె కూడా ఉంది. కప్పు లేని ఇంటికి అద్దె.

"పెట్టండక్కా. మీకూ లాభమే. మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి, రోజూ ఇంటికెళ్ళేసరికి పడుకునుంటోంది" అన్నాడు.

"రేపు నేను దిగిపోయేటప్పుడు గ్రాట్యుటీ దేని మీద కడతారో తెలుసా నీకు? ఆఖరి నెల బేసిక్కూ డీయే మీద. పంతొమ్మిదేళ్ళు పద్దెనిమిది వేల మీద లెక్కకట్టాల్సింది పదమూడు వేల మీద కట్టించుకోమంటావా? పీఎఫ్‌ మాటేంటి?"

"ఎప్పుడో వచ్చేదాని కోసం ఇప్పుడు నన్ను చంపుతారా?"

"నిన్ను చంపుతోంది నేను కాదు. ఆ మెయిల్ పెట్టింది నేనా?"

అతని మొహం ఎర్రబడింది. "మీ అంత స్వార్థపు మనిషిని చూళ్ళేదండీ" అని కాగితం లాక్కుని వెళ్ళాడు. ఆ తర్వాత మా ఇద్దరికీ మాటల్లేవు. మేస్త్రికి ఫోన్ చేసి ఈ ఏడు స్లాబు లేదని చెప్పాను. అతను ఇంకో ఇల్లు ఒప్పుకున్నాడు.

జూన్‌లో తొలి వానకు టార్పాలిన్ ఒక మూల చిరిగి నీళ్ళు సరిగ్గా మంచం మీద పడ్డాయి. నేనూ మా ఆయనా మంచం చెరోవైపు పట్టుకుని గోడ వారకు లాగుతున్నాం. తడిసిన పరుపు బరువుకు నా నడుం పట్టేసింది. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. మా ఆయన కాసేపు విని, "మీ యజమాని కొడుకునేనా?" అని అడిగాడు.

అప్పుడు చూసుకున్నాను. యజమాని కొడుకు పేరు ఒక్కసారి కూడా నా నోట రాలేదు. నేను తిట్టిందంతా ఆ నూట పాతిక రూపాయల కుర్రాణ్ణే.