మరక మిగల్చని అత్తరు

భవానీపురంలో మా నాన్నది అత్తరు కొట్టు. వయసులో ఉన్నప్పుడు ఆయన కనౌజ్‌లో అత్తరు బట్టీల దగ్గర పనిచేశారు. అక్కడ పెద్ద రాగి పాత్రలో గులాబీలు, నీళ్లు పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి మంట పెడతారు. ఆ ఆవిరి వెదురు గొట్టంలోంచి, గంధపు నూనె ఉన్న మరో పాత్రలోకి దిగి చల్లారుతుంది. వాసనను నూనె పట్టుకుంటుంది, నీటిని వంచేస్తారు. రోజూ కొత్త పూలతో అదే నూనెలోకి మళ్లీ దింపుతారు. అందులో స్పిరిట్, అంటే ఆల్కహాలు, చుక్క కూడా ఉండదు.

ఒక శుక్రవారం నమాజుకు ముందు, మా పాత ఖాతాదారు ఒకాయన వచ్చి నాన్న కాలరు పట్టుకున్నాడు.

"స్పిరిట్ కలిపినది పూసుకుని నన్ను మసీదుకెళ్లమంటావా?" అంటూ మా కొట్టులో కొన్న అత్తరు సీసానే నాన్న నుదుటికేసి కొట్టాడు. గాజు పగిలి నెత్తురు కారింది. నేను అడ్డం వెళితే నన్ను అద్దాల బీరువా మీదికి తోశాడు.

నాన్న తిరగబడలేదు. మండుతున్న గాయాన్ని వదిలేసి, చొక్కా మీద పడ్డ అత్తరును తడిమారు. అది వేలికి చల్లగా తగిలి, చూస్తుండగానే ఆరిపోయింది. నూనె మరక పడలేదు.

"స్ప్రేలాగా ఎగిరిపోయింది. గంధపు నూనె ఇలా ఆరదు. ఎవర్రా కలిపింది?" అని నా వైపూ, కొట్టులోనే ఉన్న మా తమ్ముడి వైపూ చూశారు.

"మూత తియ్యగానే గుప్పుమనాలని నేనే కలిపాను నాన్నా" అన్నాడు తమ్ముడు.

నాన్న వాణ్ణి చెంప మీద కొట్టారు. కింద పడినా వదల్లేదు, కాలితో తన్నారు. చివరికి ఆ ఖాతాదారే ఆయన్ని వాటేసుకుని వెనక్కి లాగాడు.

"ఆపండి, చచ్చిపోతాడండీ" అన్నాడు.

తమ్ముడు ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర స్ప్రేలు అమ్ముతున్నాడు. నాన్నకూ వాడికీ మాటల్లేవు.